కొత్త ఫ్లాట్ గోడకు చెమ్మ వస్తే బిల్డర్‌కు ఫిర్యాదు లేఖ ఎలా రాయాలి?

ఫ్లాట్‌లోకి వచ్చి రెండు మూడేళ్లు కాకుండానే గోడకు చెమ్మ ఎక్కితే, చాలామంది ముందు సైట్ ఇంజినీర్‌కు ఫోన్ చేస్తారు. అతను పెయింటర్‌ను పంపిస్తాడు. పెయింటర్ ఉబ్బినచోట గీకి, పుట్టీ పెట్టి, రంగు వేసి వెళ్తాడు. మళ్లీ వానలు పడగానే అదే చోట అదే మచ్చ. ఇలా ఫోన్లతోనే ఏళ్లు గడిచిపోతే, గడువులోపల ఫిర్యాదు చేశామని చూపించడానికి చేతిలో కాగితం ఉండదు. లేఖ రాయాల్సింది అందుకే.

ముందు గడువు సంగతి. ఇళ్లు, ఫ్లాట్ల అమ్మకాలను నియంత్రించే రెరా చట్టం (2016) 14వ సెక్షన్‌లోని 3వ సబ్ సెక్షన్ ప్రకారం, ఫ్లాట్ స్వాధీనం చేసిన తేదీ నుంచి ఐదేళ్లలోపు నిర్మాణంలో గానీ, పనితనంలో గానీ, నాణ్యతలో గానీ లోపాన్ని బిల్డర్ దృష్టికి తెస్తే, అదనంగా డబ్బు తీసుకోకుండా 30 రోజుల్లో సరిచేయడం అతని బాధ్యత. చేయకపోతే పరిహారం అడగొచ్చు. ఈ లెక్క స్వాధీనం తేదీ నుంచే మొదలవుతుంది, రిజిస్ట్రేషన్ తేదీ నుంచి కాదు. అందుకే పొసెషన్ లెటర్ వెతికి పెట్టుకోండి. "మన అగ్రిమెంట్‌లో ఏడాదే ఉంది కదండీ" అని బిల్డర్ ఆఫీసులో అంటారు. రెరా కింద ఉన్న ప్రాజెక్టుకు ఆ మాట చెల్లదు, చట్టంలోని ఐదేళ్లే లెక్క. మీరు మొదటి యజమాని దగ్గర కొనుక్కున్నా ఈ హక్కు మీకూ ఉంటుంది. అద్దెకు ఉన్నవాళ్లకు ఉండదు, వాళ్ల తరఫున యజమానే రాయాలి.

రాసే ముందు: నీరు ఎప్పుడు వస్తోందో చూడండి

లేఖకు బలం ఇక్కడే వస్తుంది. వాన పడిన మర్నాడు మచ్చ పెరిగి, ఎండలు కాస్తే తగ్గుతోందంటే నీరు బయటి గోడ నుంచి వస్తున్నట్టు అనుమానించాలి. వానతో సంబంధం లేకుండా ఏడాదంతా సీలింగ్ మీద పసుపు మరక ఉంటే, పై ఫ్లాట్ బాత్‌రూమ్ కింద వాటర్‌ప్రూఫింగ్ గానీ, డ్రైనేజీ పైపు గానీ కారణం కావచ్చు. పైవాళ్లు ఒప్పుకుంటే బాత్‌రూమ్ నీళ్లు పోయే రంధ్రాన్ని గట్టిగా మూసి, నేల మీద ఒక రోజంతా నీరు నిలబెట్టి కింద మరక పెరిగిందో లేదో చూడొచ్చు. ఎప్పుడూ ఒకే తీరున తడిగా ఉండి, నీళ్ల లైను వాల్వు కట్టేసినప్పుడు ఆరుతుంటే గోడలోని నీళ్ల పైపు మీద దృష్టి పెట్టాలి.

ఒక చిన్న పని చాలా ఉపయోగపడుతుంది. చెమ్మ అంచు వెంట పెన్సిల్‌తో గీత గీసి, పక్కన తేదీ వేయండి. మరో వాన తర్వాత మచ్చ ఆ గీత దాటితే కొత్త గీత, కొత్త తేదీ. పక్కన టేపు పెట్టి ఫోటో తీస్తే, చెమ్మ ఎంత పాకిందో గోడే చెబుతుంది. ఉబ్బిన పెయింట్ కింద తెల్లగా ఉప్పులాంటి పొడి కనిపిస్తే దాన్ని తుడిచేయకుండా దగ్గర నుంచి ఫోటో తీయండి. నీరు గోడలోంచి వచ్చి ఆరిపోయిందనడానికి అది గుర్తు.

లేఖ

కారణాన్ని మీరే తేల్చి రాయకండి. "వాటర్‌ప్రూఫింగ్ చేయలేదు" అని రాశాక, అసలు కారణం పైపు అని తేలితే బిల్డర్‌కు అదే సాకు అవుతుంది. కనిపించింది రాసి, కారణం కనిపెట్టే పని అతని మీద పెట్టండి. కోపతాపాలు, మోసం, దగా లాంటి మాటలు కూడా వద్దు. రేపు అధికారి చదివేది ఇదే కాగితం.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. హైదరాబాద్‌లో మూడో అంతస్తు ఫ్లాట్, స్వాధీనం 2022 నవంబరు 14న, పడమటి గోడకు చెమ్మ 2025 జూన్‌లో. లేఖ ఇలా ఉంటుంది:

> తేదీ: 8-9-2025
>
> మేనేజింగ్ డైరెక్టర్ గారికి,
> (అగ్రిమెంట్‌లో ఉన్న కంపెనీ పేరు, చిరునామా)
>
> విషయం: ఫ్లాట్ నం. 302, (ప్రాజెక్టు పేరు, రెరా రిజిస్ట్రేషన్ నంబరు) పడమటి గోడకు చెమ్మ, సరిచేయమని కోరుతూ
>
> అయ్యా,
>
> పైన పేర్కొన్న ఫ్లాట్‌ను మీరు 14-11-2022న మాకు స్వాధీనం చేశారు. ఈ ఏడాది జూన్ నుంచి చిన్న బెడ్‌రూమ్ పడమటి గోడకు, కిటికీ కింద కుడి మూల నుంచి చెమ్మ వస్తోంది. వాన పడిన మర్నాడు పెరిగి, ఎండకు తగ్గుతోంది. జూన్ 20న సుమారు 30 సెంటీమీటర్లున్న మచ్చ ఆగస్టు 18 నాటికి 80 సెంటీమీటర్లు దాటింది. పెయింట్ పెచ్చులుగా ఊడుతోంది. జులైలో మీ సిబ్బంది వచ్చి పుట్టీ, పెయింట్ వేశారు. తర్వాత వానకే మళ్లీ వచ్చింది.
>
> ఈ గోడకు మేము డ్రిల్లింగ్ గానీ, మార్పులు గానీ చేయలేదు.
>
> రెరా చట్టం 14(3) సెక్షన్ ప్రకారం ఈ లోపాన్ని ఐదేళ్ల గడువులోపల మీ దృష్టికి తెస్తున్నాము. దయచేసి మీ ఇంజినీర్ చేత పరీక్ష చేయించి, నీరు ఎక్కడి నుంచి వస్తోందో రాతపూర్వకంగా తెలిపి, ఆ మూలాన్ని సరిచేసి, తర్వాత ప్లాస్టరింగ్, పెయింట్ పని పూర్తిచేయాలి. ఇదంతా మా నుంచి ఖర్చు తీసుకోకుండా, 30 రోజుల్లోపు జరగాలని కోరుతున్నాము. శని, ఆదివారాలు ఇంట్లో ఉంటాము, ముందురోజు ఫోన్ చేస్తే చాలు.
>
> జతపరచినవి: పొసెషన్ లెటర్ నకలు, తేదీలతో ఫోటోలు 6
>
> ఇట్లు,
> (సేల్ డీడ్‌లో పేరున్న యజమానులందరి సంతకాలు)

"డ్రిల్లింగ్ చేయలేదు" అన్న వాక్యం నిజమైతేనే రాయండి. ఏసీ పైపు కోసం బయటి గోడకు రంధ్రం పెట్టించి ఉంటే, అది ఎక్కడ ఉందో, చెమ్మకు ఎంత దూరంలో ఉందో మీరే చెప్పేయడం మంచిది. లేదంటే వాళ్లు వచ్చి చూపించే మొదటి వేలు అటే. మీరు ఇంట్లో ఉండే రోజులు రాయడం కూడా ఊరికే కాదు. "వస్తే తాళం వేసి ఉంది" అనే జవాబుకు దారి మూస్తుంది.

పంపడం

ఈమెయిల్, వాట్సాప్ రెండూ పంపండి, కానీ వాటితో ఆపేయకండి. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. కాబట్టి స్పీడ్ పోస్టులోనే, అందినట్టు రుజువు కావాలని కౌంటర్‌లో అడిగి పంపండి. రసీదు, ట్రాకింగ్ పేజీ ప్రింటు లేఖ నకలుతో కలిపి ఉంచండి. బయటి గోడ అందరిదీ కాబట్టి అసోసియేషన్‌కు కూడా ఒక నకలు ఇవ్వండి. అదే వరుసలో కింది, పై ఫ్లాట్‌లకూ చెమ్మ ఉందేమో కనుక్కోండి. ఉంటే వాళ్ల చేత కూడా విడిగా రాయించండి.

30 రోజులు గడిచినా కదలిక లేకపోతే, తేదీలు చూపిస్తూ గుర్తుచేసే చిన్న లేఖ ఒకటి పంపి, తర్వాత రెరా అథారిటీకి వెళ్లొచ్చు. తెలంగాణలో లోపం సరిచేయించమని అడగడానికి ఫారం-ఎం, పరిహారం కోసం అడ్జుడికేటింగ్ ఆఫీసర్ ముందు ఫారం-ఎన్. వినియోగదారుల కమిషన్ దారి కూడా మూసుకుపోలేదని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. ఏ దారిలో వెళ్లినా మొదట అడిగేది ఈ లేఖే.

బిల్డర్ మనుషులు వచ్చి పని చేశాక ఒక కాగితం మీద సంతకం అడుగుతారు. "లోపం పూర్తిగా తొలగింది, సంతృప్తిగా ఉన్నాము" అని దాని మీద ఉంటుంది. ఎండాకాలంలో చేసిన రిపేరు నిలబడిందో లేదో వానలు పడితే గానీ తెలియదు. అందుకే ఆ వాక్యం కొట్టేసి, "ఫలానా తేదీన బయటి గోడ పగులు పూడ్చి, ప్లాస్టరింగ్ చేశారు. వచ్చే వానాకాలంలో చూసిన తర్వాతే ఫలితం తెలుపుతాము" అని చేత్తో రాసి సంతకం పెట్టండి. దాని ఫోటో మీ దగ్గర ఉంచుకున్నాకే కాగితం తిరిగి ఇవ్వండి.