ఫోనుతో ముఖచిత్రాలు, 4వ పాఠం: కిటికీ వెలుగు, వెనక గోడ

గత పాఠంలో కిటికీ దగ్గర కూర్చోబెట్టమన్నాను. మీరు పంపిన వాటిలో చాలా ఫొటోల్లో కిటికీ మనిషి వెనక ఉంది. ముఖం నల్లబడి, బయటి వేపచెట్టు మెరుస్తోంది. కిటికీ మనిషికి పక్కన, సుమారు మూడడుగుల దూరంలో ఉండాలి. ముఖాన్ని మెల్లగా కిటికీ వైపు తిప్పించండి. అవతలి కంటి కింద బుగ్గ మీద చిన్న వెలుగు మచ్చ కనబడగానే ఆపమనండి.

రెండో తప్పు నన్ను ఎక్కువ బాధపెట్టింది. గదిలో బల్బు ఆర్పలేదు! కిటికీలోంచి వచ్చే ఆకాశపు వెలుగులో నీలి ఛాయ ఉంటుంది, పసుపుగా వెలిగే బల్బుది పసుపు. ఫోను సాధారణంగా ఫొటో మొత్తానికి ఒకే రంగుల లెక్క వేస్తుంది కాబట్టి ఒక బుగ్గ పాలిపోతుంది, ఇంకోటి పసుపు పూసినట్టు అవుతుంది. తర్వాత దిద్దబోతే రెండు బుగ్గలూ కలిసే మారతాయి. చీకటిగా అనిపించినా సరే, స్విచ్ ఆపేయండి. మన ఇళ్లలో ఆకుపచ్చ గోడలదీ ఇదే గొడవ. గోడకు ఆనుకుని కూర్చుంటే దాని రంగు చెంప మీదికి వస్తుంది. గోడను ఆర్పలేం కదా, ఆ వైపు తెల్ల పంచె ఆరేయండి. రంగు ఆగుతుంది, నీడ కూడా పలచబడుతుంది.

ఇప్పుడు వెనక భాగం. వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే పెద్దాయనను తీయాలనుకోండి. ఉదయం తూర్పు కిటికీలోంచి ఎండ నేరుగా ముఖం మీద పడుతోంది, ఆయన కళ్లు చిట్లిస్తున్నారు. ఎండ పట్టీ దాటించి, పక్కకు కూర్చోబెట్టండి. వెనక రంగుల చారల జంపఖానా వేలాడదీయాలని అందరికీ అనిపిస్తుంది. కానీ అడుగు దూరంలో ఉంటే ఆ చారలే చూపును లాక్కుంటాయి. నేనైతే లోపలి గది గుమ్మాన్ని వెనక పెట్టుకుంటాను. కిటికీ వెలుగు అక్కడికి చేరదు కాబట్టి అది నల్లగా ఉండి ముఖం తేలుతుంది. ద్వారబంధం అంచు మాత్రం తల వెనక నిలువుగా రాకూడదు, ఒక అడుగు పక్కకు జరిగితే పోతుంది. జంపఖానా కావాలంటే మడిచి ఒళ్లో పెట్టండి, చేతులు కూడా దాని మీదే ఉంటాయి.

మీరు ఐదారు అడుగుల దూరంలో నిలబడి 2x నొక్కండి. దగ్గరికి వెళ్లి తీస్తే ముక్కు పెద్దదవుతుంది. పోర్ట్రెయిట్ మోడ్ నాకు నచ్చదు, నెరిసిన వెంట్రుకల అంచులను తినేస్తుంది. తెర మీద ముఖాన్ని తాకి, వేలు అలాగే నొక్కి పట్టుకుంటే వెలుగు స్థిరపడుతుంది. చాలా ఫోన్లలో అక్కడే వేలు కిందికి జరిపి, నుదుటి తెల్లదనం పోయేదాకా తగ్గించవచ్చు.

అభ్యాసం: ఒకే మనిషి, ఒకే కిటికీ. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం తీయండి. ప్రతిసారీ మూడు వెనక భాగాలు: గోడ, గుమ్మం, పరదా. తొమ్మిదింటినీ పక్కపక్కన పెట్టి, కంట్లో కిటికీ మెరుపు ఎందులో ఉందో, ఎందులో లేదో రాసి పంపండి.