కేంద్రక విచ్ఛిత్తి, 4వ పాఠం: లెక్కలో 173, పుస్తకంలో 200

ఒక యురేనియం-235 కేంద్రకం చీలితే ఎంత శక్తి వస్తుందో కట్టమని పోయిన పాఠం చివర ఇచ్చిన లెక్కకు చాలామందికి 173 ఎంఈవీ వచ్చింది. పుస్తకాల్లో 200 అని ఉంటుంది కాబట్టి ఎక్కడో తప్పు చేశామని టెన్షన్ పడ్డారు. కొందరైతే ద్రవ్యరాశుల్ని అటూ ఇటూ సర్ది 200 రప్పించారు. అలా చేయకండి. 173 సరైన జవాబే. ఈ పాఠమంతా ఆ 27 తేడా గురించే అనుకున్నాను గానీ, మీ జవాబులు చూశాక ఇంకో సంగతి కూడా చెప్పక తప్పడం లేదు.

ముందు లెక్క మరోసారి చూద్దాం.

U-235 + n → Ba-141 + Kr-92 + 3n

ద్రవ్యరాశులన్నీ పరమాణు ద్రవ్యరాశి ప్రమాణాల్లో. ఎడమవైపు మొత్తం 236.0526. కుడివైపు బేరియం 140.9144, క్రిప్టాన్ 91.9262, మూడు న్యూట్రాన్లకు 3.0260, మొత్తం 235.8666. తేడా 0.1860. ఒక ప్రమాణం 931.5 ఎంఈవీకి సమానం కాబట్టి, దాన్ని 931.5తో గుణిస్తే 173 ఎంఈవీ. కిలోగ్రాములూ, కాంతివేగం వర్గమూ నేను ముట్టుకోను, మీరూ ముట్టుకోకండి. దశాంశాలు మాత్రం నాలుగు స్థానాల వరకు ఉంచాలి. 0.01 తేడా వస్తే 9 ఎంఈవీ పోయినట్టే.

మరి మిగతా 27 ఎక్కడ? ఈ సమీకరణం యురేనియం చీలిన క్షణం దగ్గరే ఆగిపోయింది, కథ అక్కడితో అయిపోలేదు. బేరియం-141లోనూ క్రిప్టాన్-92లోనూ న్యూట్రాన్లు మరీ ఎక్కువ. అందుకే అవి బీటా కణాలు వదులుతూ మారిపోతుంటాయి. బేరియం మూడు మెట్లు దిగి ప్రెసియోడిమియం-141 అవుతుంది, క్రిప్టాన్ నాలుగు మెట్లు దిగి జిర్కోనియం-92 అవుతుంది. కుడివైపు ఈ ఇద్దరి ద్రవ్యరాశులు (140.9077, 91.9050) వేసి మళ్లీ లెక్కించండి. తేడా 0.2139, అంటే 199 ఎంఈవీ. పుస్తకంలోని 200 రకరకాల చీలికల సగటు కాబట్టి ఒకటి అటూ ఇటూగా ఉండటం సహజమే.

ఈ మిగిలిన 26 ఒకేసారి రాదు. క్రిప్టాన్-92 అర్ధాయువు రెండు సెకన్ల లోపే. గొలుసులో కింద ఉన్న సీరియం-141ది మాత్రం 32 రోజులు. రియాక్టర్ ఆపేశాక కూడా చల్లబరుస్తూ ఉండాల్సింది ఇందుకే. పైగా ఇందులో మంచి వాటాను యాంటీన్యూట్రినోలు పట్టుకుపోతాయి. అవి గోడలు దాటి వెళ్లిపోతాయి కాబట్టి ఆ వాటా మనకు వేడిగా దక్కదు.

ఇప్పుడు 173 పంపకం. మూడు న్యూట్రాన్లకు తలా సుమారు 2 చొప్పున 6, అప్పటికప్పుడు వచ్చే గామా కిరణాలకు సుమారు 7. మిగిలిన 160 రెండు శకలాల గతిశక్తి. గామాను 173కు పైన కలిపినవాళ్లున్నారు. అది లోపలి వాటానే.

అసలు చిక్కు ఇక్కడ వచ్చింది. 160ని పంచమంటే బరువైన బేరియానికి పెద్ద వాటా ఇచ్చారు. "పెద్దది కదా, ఎక్కువ తీసుకుంటుంది" అన్న ఊహ అది. జరిగేది సరిగ్గా తలకిందులు. నెమ్మదిగా వచ్చిన న్యూట్రాన్‌తో చీలింది కాబట్టి మొదట యురేనియం దాదాపు కదలకుండా ఉన్నట్టే. మొత్తం ద్రవ్యవేగం సున్నా. చీలాక రెండు శకలాల ద్రవ్యవేగాలు సమానంగా, ఎదురెదురు దిశల్లో ఉండాలి. గతిశక్తి p²/2m. పైన p ఇద్దరికీ ఒకటే, కింద m ఎవరిది పెద్దదో వారికి శక్తి తక్కువ. తుపాకీ పేల్చినప్పుడు శక్తిలో దాదాపు అంతా గుండుకే పోతుంది, తుపాకీకి కాదు. ఇదీ అంతే.

కాబట్టి క్రిప్టాన్‌కు 160 × 141/233, అంటే 97. బేరియానికి 63. నమ్మకం కుదరకపోతే వేగాలు కట్టి చూడండి. క్రిప్టాన్ సెకనుకు సుమారు 14,300 కిలోమీటర్లు, బేరియం సుమారు 9,300. 92ను 14,300తో, 141ని 9,300తో గుణిస్తే దాదాపు ఒకే సంఖ్య వస్తుంది. రాకపోతే వాటాలు తారుమారైనట్టే. ప్రయోగంలో శకలాల శక్తి కొలిచినా రెండు శిఖరాలు కనిపిస్తాయి. 100 దగ్గరున్నది తేలిక శకలాలది, 70 దగ్గరున్నది బరువు శకలాలది. ఇంత వేగమున్నా ఇంధనం లోపల మిల్లీమీటరులో నూరో వంతు కూడా వెళ్లకుండానే ఇవి ఆగిపోతాయి. వేడిలో పెద్ద భాగం పుట్టేది అక్కడే.

అభ్యాసం: ఈసారి జీనాన్-140 (139.9216), స్ట్రాన్షియం-94 (93.9154), రెండు న్యూట్రాన్లు. చీలిన క్షణపు శక్తి కట్టండి, 185 దగ్గర రావాలి. న్యూట్రాన్లకు 4, గామాకు 7 తీసేసి మిగిలింది పంచండి. తర్వాత రెండు గొలుసులనూ చివరిదాకా మీరే దింపి, సీరియం-140 (139.9054), జిర్కోనియం-94 (93.9063) దగ్గర ఆగి మొత్తం మళ్లీ కట్టండి. ఎన్ని బీటా మెట్లు పడ్డాయో కూడా రాయండి.