కట్టుడు పళ్ళ పాఠాలు – 3: కింది సెట్టు ఎందుకు లేస్తుంది?

కొత్త సెట్టు పెట్టించుకున్నవాళ్ళలో చాలామంది చెప్పే ఫిర్యాదు ఒకటే: "లూజుగా ఉందండీ." కానీ దాని వెనక మూడు వేర్వేరు కారణాలు ఉండొచ్చు. ఏది కారణమో తెలిస్తేనే మందు దొరుకుతుంది.

మొదటిది రిటెన్షన్, అంటే పట్టు. సెట్టు చిగురు మీంచి ఊడి రాకుండా ఉండటం. సెట్టుకీ చిగురుకీ మధ్య పల్చటి ఉమ్ము పొర ఉంటుంది. తడిసిన రెండు గాజు పలకలు ఎలా అంటుకుంటాయో, ఆ పొర వల్ల సెట్టు అలా అంటుకుంటుంది. గాలి దూరకుండా అంచులన్నీ చక్కగా మూసుకుని ఉండాలి, అంతే. నోరు ఎండిపోయేవాళ్ళకి పట్టు తగ్గేది ఇందుకే. కొన్ని బీపీ మందులు, డిప్రెషన్ మందులు నోటిని ఎండబెడతాయి.

రెండోది స్టెబిలిటీ, అంటే నిలకడ. నమిలేటప్పుడు పక్కలకి జారకుండా, ఊగకుండా ఉండటం. దీనికి చిగురు గట్టు కాస్త ఎత్తుగా ఉండాలి, రెండు వైపులా పళ్ళు ఒకేసారి కలవాలి.

మూడోది సపోర్ట్, అంటే ఆనిక. నమిలే బరువుకి సెట్టు చిగుళ్ళలోకి దిగబడకుండా ఉండటం. పైన గట్టి అంగిలి చాలా బరువు మోస్తుంది. కింద ఆ సౌకర్యం లేదు. వెనక పళ్ళ పక్కన బుగ్గ వైపు ఉండే చదునైన ఎముకే అక్కడ ముఖ్యమైన ఆధారం. పైగా కింది సెట్టు ఆనే చోటు పైదాంట్లో దాదాపు సగమే, మధ్యలో నాలుక కదులుతూ ఉంటుంది. కాబట్టి కింది సెట్టు పైదానిలా అతుక్కోవాలని ఆశించడం అన్యాయం.

ఇప్పుడు ఒక ఉదాహరణ చూద్దాం. 66 ఏళ్ళ పెద్దాయన, సెట్టు పెట్టించుకుని పదిరోజులైంది. "మాట్లాడుతుంటే కిందిది తేలిపోతోంది డాక్టరుగారూ" అన్నారు. డాక్టరు ముందు రెండు వైపుల వెనక పళ్ళనీ ఒకటి తర్వాత ఒకటి వేలితో నొక్కారు. సెట్టు ఊగలేదు, అంటే నిలకడ బాగానే ఉంది. రెండు వైపులా కలిపి నొక్కినా ఆయనకి నొప్పి లేదు, కాబట్టి ఆనిక కూడా సరే. తర్వాత నోరు కొంచెం తెరిచి ఉంచమన్నారు. సెట్టు మెల్లగా లేచింది. అప్పుడు నాలుక ఎక్కడుందో చూశారు. అది గొంతు వైపు ముడుచుకుని ఉంది. "నాలుక కొసని కింది ముందు పళ్ళ వెనక ఆనించండి బాబాయిగారూ" అన్నారు. ఆనించగానే సెట్టు కదలకుండా కూర్చుంది. నాలుక వెనక్కి పోతే లోపలి అంచు దగ్గర మూత తెరుచుకుని గాలి దూరుతోంది, అదీ సంగతి. సెట్టు మార్చనక్కర్లేదు, అలవాటు మార్చుకోవాలి. అద్దం ముందు నోరు తెరిచి రోజూ కాసేపు సాధన చేస్తే చాలావరకు కుదురుతుంది.

నోరు బాగా వెడల్పుగా తెరిచినప్పుడు మాత్రమే లేస్తుంటే లెక్క వేరు. అంచు ఎక్కడో పొడవైంది, అది డాక్టరు సరిచేయాల్సిందే. ఇంట్లో ఆకురాయి పట్టుకోవద్దు.

ఇక తినడం. ముందు పళ్ళతో కొరికితే సెట్టు వెనక భాగం ఎగదన్నుతుంది. అందుకని ముక్క చిన్నగా కోసి నోట్లో పెట్టుకోండి. ముద్దను రెండు భాగాలు చేసి రెండు వైపులా ఒకేసారి నమలండి, అప్పుడు ఒక వైపు బరువు సెట్టుని తిప్పెయ్యదు. మొదటి రోజుల్లో ఉడికించిన కూరగాయలు, గుడ్డు, అరటిపండు లాంటివి చాలు. జిగురుగా అంటుకునేవీ, గట్టి గింజలూ ఇప్పుడే వద్దు. వేడి విషయంలో జాగ్రత్త: పై సెట్టు అంగిలిని కప్పేస్తుంది కాబట్టి వేడి తెలియదు, గుటక వేశాక గొంతు కాలుతుంది. మొదట్లో ఉమ్ము ఎక్కువ ఊరుతుంది, నోరు సెట్టుని తిండి అనుకుంటుంది. ఉమ్మెయ్యకుండా మింగుతూ ఉండండి, కొద్ది రోజుల్లో తగ్గుతుంది. సాఫీగా నమలడానికి మాత్రం ఆరు నుంచి ఎనిమిది వారాలు పట్టొచ్చు.

మాటల్లో మొదట తడబడేవి స, ష, ఫ, వ. పేపరు తీసుకుని నెమ్మదిగా పైకి చదవండి, ఆగిన పదాన్ని మళ్ళీ పలకండి. పై, కింది పళ్ళు మాటిమాటికీ టక్కుమని తగులుతుంటే, ముఖం బిగుసుకున్నట్టు అనిపిస్తుంటే, అది అలవాటు లోపం కాకపోవచ్చు. సెట్టు ఎత్తు ఎక్కువైందేమో చూపించుకోవాలి.

ఎక్కడైనా ఒరుసుకుని పుండు పడితే సెట్టు తీసేసి ఉండండి. కానీ డాక్టరు దగ్గరికి వెళ్ళే ముందు మాత్రం కొన్ని గంటలు పెట్టుకుని వెళ్ళండి. ఎర్రటి గుర్తు కనిపిస్తేనే ఎక్కడ అరగదీయాలో ఆయనకి తెలుస్తుంది.