ఉచిత యాప్ వేసుకునే ముందు, వేసుకున్నాక: తెర మీదికి దూకే ప్రకటనల విషయంలో జాగ్రత్తలు

ఉచితంగా దొరికే యాప్‌ను తెరిచినప్పుడు దాని లోపల ప్రకటన కనిపిస్తే అది ఆ యాప్‌కు మనం చెల్లించే వెల అనుకుని సరిపెట్టుకోవచ్చు. ఏ యాప్‌నూ తెరవకుండా ఫోన్ లాక్ తీసిన మరుక్షణమే తెర నిండా ప్రకటన వచ్చి పడుతుంటే మాత్రం సరిపెట్టుకోనక్కరలేదు. ఫోన్‌లో ఉన్న ఏదో ఒక యాప్, మనమే ఇచ్చిన అనుమతిని అడ్డం పెట్టుకుని, మనం పిలవకపోయినా పైకి వస్తోందని దాని అర్థం. ఇక్కడ చెప్పేది ఆండ్రాయిడ్ ఫోన్ల గురించి.

2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి, వెనుక నడుస్తున్న యాప్ తనంతట తాను తెర మీదికి రాకుండా కట్టడి ఉంది. అయితే "Display over other apps" అనే అనుమతి పొందిన యాప్‌కు ఈ కట్టడి వర్తించదు. సామ్‌సంగ్ ఫోన్లలో ఇదే అనుమతి "Appear on top" అనే పేరుతో కనిపిస్తుంది. ఫోన్ వచ్చినప్పుడు అవతలి వారి పేరు చూపించే యాప్‌కు, తెర మీద తేలే బొత్తాలుండే స్క్రీన్ రికార్డర్‌కు ఈ అనుమతి కావాలంటే అర్థముంది. టార్చిలైటుకు, క్యూఆర్ స్కానర్‌కు, వాల్‌పేపర్ల యాప్‌కు దీనితో పనేమిటి? అది లేనిదే పని చేయనని అలాంటి యాప్ మొండికేస్తే, అనుమతి ఇవ్వడం కంటే యాప్‌ను తీసివేయడమే మేలు.

కాబట్టి మొదటి జాగ్రత్త ఇన్‌స్టాల్ నొక్కకముందే తీసుకోవాలి. ప్లే స్టోర్‌లో యాప్ పేజీలోని "About this app" తెరిచి, కింది దాకా జరిపితే "App permissions" వద్ద ఆ యాప్ అడగబోయే అనుమతులన్నీ కనిపిస్తాయి. ఇతర యాప్‌ల మీద కనిపించే అనుమతితో పాటు "run at startup" కూడా అక్కడ ఉందంటే, ఫోన్ ఆన్ అయిన దగ్గర నుంచీ మేలుకొని ఉండి, కావలసినప్పుడు పైకి రాగల ఏర్పాటు దానికి ఉందన్నమాట. ఆ తరువాత అభిప్రాయాలను కొత్తవి ముందు వచ్చేలా అమర్చుకుని, ఒక నక్షత్రం ఇచ్చినవారు ఏమన్నారో చదవాలి. ఇలాంటి యాప్‌లు చాలావరకు మొదటి కొన్ని రోజులు బుద్ధిగా ఉంటాయి కనుక, వేసుకున్న రోజే మెచ్చుకుంటూ రాసిన అయిదు నక్షత్రాల మాటలకు పెద్ద విలువ లేదు. ఒకే రోజు నాలుగైదు కొత్త యాప్‌లు వేసుకోకపోవడం కూడా ఇందుకే. తరువాత తేడా వస్తే దేన్ని అనుమానించాలో తెలియదు.

ఈ మధ్య మా పెదనాన్నగారి ఫోన్‌లో జరిగింది ఇదే. పొలం 1-బి నకలు దించుకున్నాక, అది తెరవాలంటే పీడీఎఫ్ రీడర్ కావాలని ఒక ప్రకటన చెబితే నమ్మి, అందులో చూపిన యాప్‌ను వేసుకున్నారు. నిజానికి పీడీఎఫ్ తెరిచే సదుపాయం ఆయన ఫోన్‌లో ముందే ఉంది. నాలుగో రోజు నుంచి లాక్ తీసిన ప్రతిసారీ తెర నిండా ప్రకటనలు మొదలయ్యాయి. ఫోన్ పాతబడిందేమోనని ఆయన పది రోజులు ఓర్చుకున్నారు.

ప్రకటన తెర మీద ఉండగా చేయవలసిన మొదటి పని, దాని మూలనున్న గుణకారపు గుర్తును నొక్కకుండా ఆగడం. ఆ గుర్తు చాలాసార్లు ప్రకటనలో గీసిన బొమ్మ మాత్రమే. నొక్కితే మరో పేజీ తెరుచుకుంటుంది. దానికి బదులు ఇటీవలి యాప్‌లు చూపే బొత్తాన్ని నొక్కితే, ప్రకటన ఉన్న కార్డు పైన అది ఏ యాప్‌దో దాని బొమ్మ కనిపించవచ్చు. పెదనాన్నగారి ఫోన్‌లో ఆ దారి పనికిరాలేదు. కార్డు పేరు లేకుండా ఖాళీగా ఉంది, ప్రకటన మూసిన వెంటనే మాయమయ్యేది.

అప్పుడు సెట్టింగ్స్‌లోని "Digital Wellbeing" తెరిచి, ఆ రోజు ఏ యాప్ ఎన్నిసార్లు తెరుచుకుందో చూశాము. ఆయన ముట్టుకోని యాప్ ఒకటి ముప్పైకి పైగా సార్లు తెరుచుకున్నట్టు ఉంది. దాని పేరు "Tools", బొమ్మ పళ్ల చక్రం. చూడగానే ఫోన్‌తో వచ్చినదే అనిపించేలా వేషం మార్చుకున్న ఆ పీడీఎఫ్ రీడరే అది. సెట్టింగ్స్‌లో "Special app access" కింద ఉండే "Display over other apps" జాబితాలోనూ అది అనుమతితో కూర్చుని ఉంది. ఈ పేర్ల చోటు ఒక్కో కంపెనీ ఫోన్‌లో ఒక్కో విధంగా ఉంటుంది కనుక, సెట్టింగ్స్ పైనున్న వెతుకు పెట్టెలో పేరు టైపు చేయడం తేలిక.

తీసివేసే ముందు అనుమానం రూఢి చేసుకోవాలనుకుంటే సేఫ్ మోడ్ ఉంది. పవర్ బొత్తాన్ని నొక్కి పట్టుకున్నప్పుడు వచ్చే "Power off" మీద వేలు అలాగే ఉంచితే చాలా ఫోన్లలో సేఫ్ మోడ్‌లోకి వెళ్లమంటారా అని అడుగుతుంది. అందులో మనం వేసుకున్న యాప్‌లేవీ నడవవు. అక్కడ ప్రకటనలు ఆగిపోయాయంటే దోషి మనం వేసుకున్నవాటిలోనే ఉంది. ఫోన్‌ను మామూలుగా రీస్టార్ట్ చేస్తే సేఫ్ మోడ్ పోతుంది.

ఆ యాప్‌ను తీసేయబోతే "Uninstall" బొత్తాం మసకబారి, నొక్కుడు పడలేదు. యాప్ తనను ఫోన్ నిర్వాహకుల జాబితాలో చేర్పించుకున్నప్పుడు ఇలా జరుగుతుంది. "Device admin apps" అని వెతికి, అక్కడ దానికి ఎదురుగా ఉన్న అనుమతిని తీసేశాక మామూలుగానే పోయింది. ఈ జాబితాలో ఉద్యోగ సంస్థ పెట్టిన యాప్, పోయిన ఫోన్‌ను వెతికిపెట్టే గూగుల్ సదుపాయం వంటివి కూడా ఉండవచ్చు కనుక, పేరు గుర్తుపట్టని ప్రతిదాన్నీ తొలగించుకుంటూ పోరాదు. ప్రకటనలను ఆపుతామని ఆ ప్రకటనల్లోనే కనిపించే "క్లీనర్" యాప్‌లను వేసుకోవడం మరో పొరపాటు. ఫోన్‌ను పూర్తిగా రీసెట్ చేయించమని సలహా ఇచ్చేవారూ ఉంటారు. ఒక్క యాప్‌ను తీసేస్తే పోయేదానికి ఫొటోలు, వాట్సాప్ సందేశాలు పణంగా పెట్టవలసిన పని లేదు.

మరునాడు హోమ్ తెర శుభ్రంగా ఉంది కానీ, లాక్ తెర మీద మాత్రం "మీ ఫోన్‌లో వైరస్ ఉంది" అంటూ చీటీలు వస్తూనే ఉన్నాయి. వీటి దారి వేరు. ఏదో వెబ్‌సైట్ "మీరు రోబో కాదని నిరూపించడానికి Allow నొక్కండి" అంటే ఆయన నొక్కారు. దాంతో ఆ సైటుకు క్రోమ్ ద్వారా నోటిఫికేషన్లు పంపే హక్కు వచ్చింది. చీటీ మీద వేలు కాసేపు నొక్కి ఉంచితే పంపుతున్నది క్రోమ్ అని తెలిసిపోయింది. క్రోమ్ సెట్టింగ్స్‌లో "Site settings", అందులో "Notifications" తెరిచి, అనుమతించిన సైట్లలో ఆయనకు తెలియనివాటిని నిరోధించాక చీటీలు ఆగాయి. కనిపించి మాయమయ్యే చీటీలైతే, ఆండ్రాయిడ్ 11 నుంచి ఉన్న "Notification history"ని ముందే ఆన్ చేసి ఉంచితే, పంపిన యాప్ పేరు అందులో మిగిలి ఉంటుంది.

సేఫ్ మోడ్‌లో కూడా ప్రకటనలు ఆగకపోతే, మనం వేసుకున్న యాప్‌ల మీద నింద మోపడానికి లేదు. లాక్ తెర మీద రోజుకో బొమ్మతో వచ్చే వార్తలు, అమ్మకాల ప్రచారాలు కొన్ని ఫోన్లలో తయారీదారు ముందే పెట్టి ఇచ్చినవి. వాటిని లాక్ తెర లేదా వాల్‌పేపర్ సెట్టింగ్స్‌లో వెతికి ఆపాలి. పూర్తిగా తీసివేయడం చాలా ఫోన్లలో కుదరదు.