జర్మన్ నుడికారం, 5వ పాఠం: కళ్ళ మీద టమాటాలు, చేతిలో బుట్ట

గత పాఠంలో ఔఫ్ అనే ప్రిపొజిషన్ రెండు రకాలుగా నడుస్తుందని చూశాం. వస్తువు అక్కడే ఉంటే డాటివ్, అక్కడికి చేరుతుంటే అకుజాటివ్. ఆ తేడా ఈ పాఠంలో చాలా పనికొస్తుంది కాబట్టి, మరిచిపోయినవారు ఒకసారి వెనక్కి వెళ్ళి చూసి రండి.

ఈరోజు మూడే నుడికారాలు నేర్చుకుందాం. ఈ మూడింటినీ ఎంచుకోవడానికి కారణం ఉంది. వీటిలోని బొమ్మ తెలుగువాళ్ళకు కొత్తగా అనిపించదు, ఎక్కడో విన్నట్టే ఉంటుంది. చిక్కంతా అక్కడే. అర్థం కాని మాట వింటే ఆగి అడుగుతాం. అర్థమైనట్టు అనిపిస్తే అడగం, తప్పు అర్థంతోనే ముందుకు పోతాం.

మొదటిది టొమాటెన్ ఔఫ్ డెన్ ఔగెన్ హాబెన్. మాటకు మాట చూస్తే "కళ్ళ మీద టమాటాలు ఉండటం". డిక్షనరీలో వెతకడానికి టైపు చేయాల్సిన రూపం ఇది:

```
Tomaten auf den Augen haben
```

కళ్ళ మీద కాయలు అనగానే మనకు "ఎదురుచూసి ఎదురుచూసి కళ్ళు కాయలు కాచాయి" గుర్తొస్తుంది. కొందరికి ఎర్రబడిన కళ్ళు, అంటే కోపమో నిద్రలేమో తోస్తుంది. జర్మన్‌లో ఈ రెండూ కావు. ఎదురుగా స్పష్టంగా ఉన్నదాన్ని చూడకపోవడం, గమనించకపోవడం అని అర్థం. మనం విసుగ్గా "కళ్ళు కనిపించట్లేదా?" అంటామే, అదే.

ఒక సందర్భం తీసుకుందాం. జర్మనీలో విద్యార్థులు కొందరు కలిసి ఒక ఫ్లాట్ అద్దెకు తీసుకుని ఉంటారు, దాన్ని వేగే అంటారు. అలాంటి ఇంటి వంటగదిలో ఒకరు ఫ్రిజ్ తెరిచి వెతుకుతూ అడిగారు: "వో ఇస్ట్ డెన్ డీ బుటర్?" (వెన్న ఎక్కడుంది?) రెండో మనిషి జవాబు: "హాస్ట్ డూ టొమాటెన్ ఔఫ్ డెన్ ఔగెన్? డీ ష్టేట్ డొఖ్ ఫోర్ డియర్!"

ఇక్కడ మీ ఊహను పరీక్షించే పద్ధతి ఒకటుంది. ఊహించిన అర్థాన్ని ఆ చోట పెట్టి, తర్వాతి వాక్యం దానికి అతుకుతుందేమో చూడాలి. "చాలాసేపు ఎదురుచూశావా? అది నీ ముందే ఉందిగా!" అతకలేదు. "నీకు కోపం వచ్చిందా? అది నీ ముందే ఉందిగా!" ఇదీ అతకలేదు. "కళ్ళు కనిపించట్లేదా? నీ ముందే ఉందిగా!" ఇది సరిగ్గా కూర్చుంది. రెండో వాక్యంలోని డొఖ్ అనే చిన్న మాట కూడా సాయం చేస్తోంది. "ఉంది"కీ "ఉందిగా"కీ ఉన్న తేడాయే డొఖ్ తెచ్చే తేడా. "ఇది నీకు తెలియాల్సిందే కదా" అనే ధ్వని అందులో ఉంటుంది. నుడికారం పక్కన డొఖ్ వినిపిస్తే అక్కడ ఏదో దెప్పిపొడుపు ఉండవచ్చని చెవి నిక్కించండి.

దెప్పిపొడుపు కాబట్టే ఎవరితో అంటున్నామో చూసుకోవాలి. స్నేహితులతో, ఇంట్లోవాళ్ళతో డూ అని పిలుచుకునే చనువుంటే పరవాలేదు. ఆఫీసులో పై అధికారినో, జీ అని మర్యాదగా పిలిచే కొత్తవాళ్ళనో ఇలా అడిగితే తిట్టినట్టే. నిజంగా చూపు లేనివారి గురించి అసలు వాడరు. నేర్చుకునేవాళ్ళు ధైర్యంగా వాడగలిగేది తమ మీద తామే వేసుకునే రూపం: "ఎంట్‌షుల్డిగుంగ్, ఇష్ హాటె వోల్ టొమాటెన్ ఔఫ్ డెన్ ఔగెన్." అంటే "సారీ, కళ్ళెదుటే ఉన్నా నేను చూడలేదు". బోర్డు చూడకుండా తప్పు ప్లాట్‌ఫామ్ మీద నిలబడి, పక్కవాళ్ళు చెప్పాక ఈ మాట అంటే ఎవరూ నొచ్చుకోరు.

ఈ నుడికారంలో మారేది హాబెన్ ఒక్కటే: హాస్ట్, హాట్, హాటె. మిగతాదంతా బిగుసుకుపోయి ఉంటుంది. టొమాటెన్ ఎప్పుడూ బహువచనమే, ముందు ఆర్టికల్ రాదు. టమాటా తీసి గుర్కెన్ (దోసకాయలు) పెడితే నుడికారం మాయమై, ముఖానికి ప్యాక్ వేసుకున్న మనిషి మాత్రమే మిగులుతుంది.

రెండోదానికి ఎక్కువ చోటు ఇస్తున్నాను, ఎందుకంటే మన తెలుగు మనల్ని పూర్తిగా ఎదురుదిక్కుకు నడిపించేది ఇక్కడే.

```
jemandem einen Korb geben
```

యేమాండెమ్ ఐనెన్ కోర్ప్ గేబెన్, అంటే "ఒకరికి ఒక బుట్ట ఇవ్వడం". రాతలో చివర బీ ఉన్నా పలకడం మాత్రం కోర్ప్ అనే. బుట్ట ఇచ్చారంటే పళ్ళో పూలో పెట్టి ఇచ్చారనుకుంటాం. పైగా మనకు "బుట్టలో పడటం", "బుట్టలో వేసుకోవడం" ఉన్నాయి. అందుకే "జీ హాట్ ఈమ్ ఐనెన్ కోర్ప్ గెగేబెన్" అని వింటే, ఆమె అతన్ని బుట్టలో వేసుకుందని తేలిగ్గా అనుకుంటాం. నిజానికి ఆమె అతన్ని కాదంది. ప్రేమ ప్రతిపాదననో, కలిసి డాన్స్ చేద్దామన్న పిలుపునో, ఇంకేదైనా ఆహ్వానాన్నో తిరస్కరించడమే కోర్ప్ ఇవ్వడం.

ఈ బుట్ట వెనుక ఒక పాత కథ చెబుతారు. మధ్యయుగాల్లో ప్రియుడు ప్రియురాలి కిటికీ దగ్గరికి బుట్టలో కూర్చుని చేరేవాడట, పైనుంచి తాడుతో లాగేవారట. ఇష్టం లేని స్త్రీ అడుగు బలంగా లేని బుట్టను దించేది, అతను మధ్యలోనే కింద పడేవాడు. తర్వాతి కాలంలో అడుగు లేని బుట్టను పంపితే చాలు, కాదన్నట్టే. కథలో ఎంత నిజమున్నా, బుట్టలో పైకెళ్ళే ప్రియుడి బొమ్మ మాత్రం చాలా పాతది. 14వ శతాబ్దం మొదటి భాగంలో స్విట్జర్లాండ్‌లోని త్స్యూరిష్ నగరంలో తయారైన కోడెక్స్ మనెసె అనే రాతప్రతి ఇప్పుడు హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉంది. అందులో క్రిస్టాన్ ఫోన్ హామ్లె అనే కవిని బుట్టలో కూర్చున్నట్టు, పైనున్న స్త్రీ అతన్ని లాగుతున్నట్టు చిత్రించారు. గ్రంథాలయం వెబ్‌సైట్‌లో ఆ పుటను చూడవచ్చు. ఒకసారి చూస్తే అర్థం మనసులో నిలిచిపోతుంది: బుట్ట ప్రేమ దగ్గరికి తీసుకెళ్ళేదే, కానీ మధ్యలో వదిలేసేది కూడా.

కాదన్న వైపు నుంచి చెబితే గేబెన్, కాదనిపించుకున్న వైపు నుంచి చెబితే బెకోమెన్: "ఎర్ హాట్ ఐనెన్ కోర్ప్ బెకోమెన్." ఫుట్‌బాల్ వార్తల్లోనూ ఇది తరచూ కనిపిస్తుంది. ఒక కోచ్ క్లబ్‌కు కోర్ప్ ఇచ్చాడంటే ఆ క్లబ్ ఇవ్వజూపిన పదవిని వద్దన్నాడని. అయితే ఉద్యోగానికి అప్లై చేసి, కంపెనీ కాదంటే మీరు కోర్ప్ అనకండి. దానికి మామూలు మాట అప్‌జాగె. కోర్ప్‌లో మనిషికి మనిషి ముఖం మీద కాదనే వాసన ఉంటుంది, అప్‌జాగె ఈమెయిల్‌లో వచ్చేది.

బుట్ట అసలు బుట్టేనా, కాదనడమా అని ఆర్టికల్ చాలావరకు చెప్పేస్తుంది. "గిప్ మియర్ బిట్టె డెన్ కోర్ప్" అంటే "ఆ బుట్ట ఇటివ్వు" అని మాత్రమే. డెన్ వచ్చిందంటే ఇద్దరికీ తెలిసిన ఒక నిజమైన బుట్ట అక్కడ ఉంది. నుడికారంలో మామూలుగా ఐనెన్ ఉంటుంది. ఐనెన్ ఉన్నంత మాత్రాన నుడికారమని కూడా అనుకోకూడదు. సూపర్‌మార్కెట్లో నిలబడి ఎవరైనా ఐనెన్ కోర్ప్ అడిగితే వారికి కావలసింది సామాన్లు వేసుకునే బుట్టే.

మూడోది యేమాండెన్ ఔఫ్ డెన్ ఆర్మ్ నేమెన్, అంటే "ఒకరిని చేతి మీదికి తీసుకోవడం".

```
jemanden auf den Arm nehmen
```

మనవాళ్ళకు ఇది ఎత్తుకోవడం, చంకనెక్కించుకోవడం, అంటే గారాబం చేయడం. జర్మన్‌లో ఇది ఆటపట్టించడం. ఎవరైనా నమ్మలేని మాట చెబితే "విల్స్ట్ డూ మిష్ ఔఫ్ డెన్ ఆర్మ్ నేమెన్?" అంటారు, "నన్ను ఆటపట్టిస్తున్నావా?" అని. మన "చెవిలో పువ్వులు పెడుతున్నావా?" దీనికి కాస్త దగ్గరే, కానీ అందులో మోసం పాలు ఎక్కువ. ఆర్మ్‌లో ఉన్నది సరదా.

ఇక్కడ మాటకు మాట అర్థం కూడా నిజ జీవితంలో రోజూ జరిగేదే. తల్లి బిడ్డను ఔఫ్ డెన్ ఆర్మ్ తీసుకుంటుంది, అచ్చం అవే మాటలు. గత పాఠంలోని విభక్తి ఇప్పుడు పనికొస్తుంది. టమాటాల వాక్యంలో డెన్ ఔగెన్ అన్నది డాటివ్ బహువచనం, టమాటాలు కళ్ళ మీదే కదలకుండా ఉన్నాయి. ఇక్కడి డెన్ ఆర్మ్ అకుజాటివ్ ఏకవచనం, మనిషి చేతి మీదికి చేరుతున్నాడు. చూడటానికి రెండు డెన్‌లూ ఒకటే, లోపల వేరు. ఇప్పుడు డెన్‌ను డెమ్ చేసి, నేమెన్ బదులు హాబెన్ పెట్టండి: "జీ హాట్ డాస్ కింట్ ఔఫ్ డెమ్ ఆర్మ్." ఆమె బిడ్డను ఎత్తుకుని ఉంది, అంతే. ఆటపట్టించడం అనే అర్థం ఈ రెండు మార్పులతో పోయింది. నేమెన్ ఉన్నప్పుడు మాత్రం వ్యాకరణం తేల్చలేదు, ఎవరిని ఎవరు అన్నదే తేల్చాలి. చంటిబిడ్డ అయితే ఎత్తుకోవడం, ఎదిగిన మనిషి అయితే ఆటపట్టించడం.

ఇలాంటివి మీరే వెతుక్కోవాలంటే duden.de తెరిచి నుడికారంలోని ప్రధాన నామవాచకాన్ని ఏకవచనంలో టైపు చేయండి: Tomate, Korb, Arm. అర్థాల కింద నుడికారాలు విడిగా ఉంటాయి. పక్కన umgangssprachlich అని ఉంటే అది వాడుక భాష, అధికారిక ఉత్తరంలో రాయకూడదు. ఇంకో సంగతి, jemandem అని చివర m ఉంటే ఆ మనిషి డాటివ్‌లో, jemanden అని n ఉంటే అకుజాటివ్‌లో రావాలి. అందుకే బుట్ట ఈమ్‌కు ఇస్తారు, ఆర్మ్ మీదికి మిష్‌ను తీసుకుంటారు. నుడికారాన్ని ఆ ఒక్క అక్షరంతో సహా నోటు పుస్తకంలో రాసుకోండి, లేకపోతే అర్థం తెలిసినా వాక్యం తప్పుతుంది.

అభ్యాసం. కింది నాలుగింటిలో ఏది నుడికారం, ఏది కాదు, ఎందుకని ఒక్కో వాక్యంలో రాయండి.

"డీ ఓమా నిమ్ట్ డాస్ బేబి ఔఫ్ డెన్ ఆర్మ్." (ఓమా అంటే అమ్మమ్మ లేదా నాన్నమ్మ.)

"డీ షెఫిన్ నిమ్ట్ డెన్ ప్రాక్టికాంటెన్ ఔఫ్ డెన్ ఆర్మ్." (షెఫిన్ అంటే లేడీ బాస్, ప్రాక్టికాంట్ అంటే ఇంటర్న్.)

"ఇష్ హాబె జీ త్సుమ్ టాన్త్సెన్ ఐన్‌గెలాడెన్, ఆబర్ జీ హాట్ మియర్ ఐనెన్ కోర్ప్ గెగేబెన్." (ఐన్‌లాడెన్ అంటే ఆహ్వానించడం.)

"ఇష్ హాబె డిష్ డ్రైమాల్ గెరూఫెన్. హాస్ట్ డూ బోనెన్ ఇన్ డెన్ ఓరెన్?" (నిన్ను మూడుసార్లు పిలిచాను. నీ చెవుల్లో చిక్కుడు గింజలున్నాయా?) ఇది మనం నేర్చుకోనిది. వెన్న సందర్భంలో చేసినట్టు మీ ఊహను మొదటి వాక్యానికి అతికించి చూడండి. జవాబులు 6వ పాఠం మొదట్లో ఇస్తాను. ఆ పాఠంలో బొటనవేళ్ళు నొక్కే నుడికారం, డౌమెన్ డ్ర్యూకెన్, నేర్చుకుందాం.