పరుగు పాఠాలు – 4: ఒక్క రేసు టైమ్ నుంచి మూడు పేస్‌లు

పోయిన పాఠంలో ఈ మధ్య పరిగెత్తిన రేసు టైమ్ ఒకటి రాసి పెట్టుకోమన్నాను. ఇవాళ దాన్నుంచి ఈజీ, థ్రెషోల్డ్, రెపిటీషన్ పేస్‌లు లెక్కగడదాం. మన ఉదాహరణ 50 నిమిషాల 10కె. అంటే కిలోమీటరుకు 5 నిమిషాలు.

ముందు ఆ టైమ్ సరైనదో కాదో చూడండి. పెద్ద రేసుల్లో గన్ పేలాక స్టార్ట్ లైన్ దాటడానికే రెండు మూడు నిమిషాలు పడుతుంది కాబట్టి, లైన్ దాటినప్పటి నుంచి లెక్కించే చిప్ టైమే తీసుకోవాలి. రేసు జరిగి ఆరు వారాలు దాటకపోతే మంచిది. హైదరాబాద్ మారథాన్ లాగా ఆగస్టు ఉక్కపోతలో ఫ్లైఓవర్లు ఎక్కి దిగే రేసయితే, చల్లని వేళ చదునైన రోడ్డు మీద మీరు చేయగలిగినదానికంటే టైమ్ ఎక్కువే వస్తుంది. అలాంటి టైమ్‌తో కట్టిన పేస్‌లు కాస్త నెమ్మదిగా ఉంటాయి. ఉంటే ఉండనివ్వండి, దానివల్ల ఎవరికీ దెబ్బ తగలదు. దిగుడు ఎక్కువున్న కోర్సు, కొలత సరిగా లేని 10కె, వీటితోనే ప్రమాదం.

ఇక లెక్క. శాతాలు వేగానికి వర్తిస్తాయి, పేస్‌కి కాదు. అందరూ తప్పేది ఇక్కడే. పేస్ అంటే కిలోమీటరుకు పట్టే సమయం. వేగం తగ్గితే అది పెరుగుతుంది. అందుకే శాతంతో గుణించకూడదు, భాగించాలి. ఇంకో మాట, నిమిషాల్ని ముందే సెకన్లు చేసుకోండి. క్యాలిక్యులేటర్ 5.1 చూపిస్తే అది 5:10 కాదు, 5:06. నేను మొదట్లో కొన్నాళ్లు ఈ తప్పుతోనే పరిగెత్తాను.

మన రన్నర్ రేసు పేస్ 300 సెకన్లు.

థ్రెషోల్డ్ అంటే దాదాపు గంటసేపు రేసులో నిలబెట్టగలిగే పేస్. 50 నిమిషాల రేసు గంటకంటే చిన్నది కాబట్టి, దాని వేగంలో 98 శాతం తీసుకుంటాం. 300ని 0.98తో భాగిస్తే 306, అంటే 5:06. ఈ శాతం అందరికీ ఒకటి కాదు. 40 నిమిషాల్లో 10కె ముగించేవారికి గంట ఇంకా దూరం, వాళ్లకి 97 సరిపోతుంది. గంట పట్టేవారికి 10కె పేసే థ్రెషోల్డ్ పేస్.

ఈజీకి ఒక అంకె కాదు, ఒక పరిధి ఉంటుంది: వేగంలో 75 నుంచి 84 శాతం. 300ని 0.84తో భాగిస్తే 357, అంటే 5:57. 0.75తో భాగిస్తే 400, అంటే 6:40. ఇక్కడే తప్పు లెక్క చూడండి. "25 శాతం నెమ్మది" అనుకుని 300కి 75 కలిపితే 6:15 వస్తుంది. నెమ్మదిగా వెళ్లాల్సిన రోజున కిలోమీటరుకు 25 సెకన్లు ఎక్కువ వేగంగా వెళ్లిపోతారు. మే నెలలో విజయవాడలో ఉంటే ఈ పరిధిని పట్టించుకోకండి. పక్కవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగితే అదే ఈజీ, వాచ్‌లో 7:10 కనిపించినా సరే.

రెపిటీషన్ అంటే చిన్న దూరాన్ని మధ్యలో విశ్రాంతితో మళ్లీ మళ్లీ పరిగెత్తడం. దీని వేగం రేసు వేగం కంటే ఎక్కువ, దానిలో 113 శాతం. 300ని 1.13తో భాగిస్తే 265.5. దీన్ని కిలోమీటరు పేస్‌గా గుర్తుపెట్టుకోనక్కర్లేదు, ఎవరూ ఆ పేస్‌తో కిలోమీటరు చేయరు. 0.4తో గుణిస్తే 400 మీటర్లకు 106 సెకన్లు, 200కి 53. ట్రాక్‌లో లోపలి లేన్ మీద వాచ్ జీపీఎస్‌ని నమ్మకుండా స్టాప్‌వాచ్ వాడండి. ఒక్కో 400 తర్వాత రెండు మూడు నిమిషాలు నడవండి లేదా మెల్లగా జాగ్ చేయండి. వారానికి 40 కిలోమీటర్లు పరిగెత్తేవారికి ఇలాంటివి ఐదు చాలు.

ఇప్పుడు లెక్క ఒంటికి సరిపోయిందో లేదో చూడాలి. థ్రెషోల్డ్ పేస్‌లో 20 నిమిషాలు పరిగెత్తండి. ఆగమన్నప్పుడు ఇంకో పది నిమిషాలు వెళ్లగలననిపిస్తే పేస్ సరిగ్గా ఉంది. 12వ నిమిషానికే రొప్పుతూ పేస్ జారిపోతుంటే వేగం ఎక్కువైంది, ఐదారు సెకన్లు కలపండి. రెపిటీషన్‌లో మొదటిది 102, చివరిది 110 వచ్చిందంటే తప్పు లెక్కది కాదు, ఉత్సాహానిది. మొదటిదాన్నే 106కి ఆపి మళ్లీ చేయండి. అన్నీ 106కి మొదలై చివరివి జారితే విశ్రాంతి సరిపోలేదు. ఇంకో నిమిషం ఇచ్చి చూడండి. అయినా జారితేనే పేస్ మార్చండి.

10కె లేనివాళ్లు 5కె టైమ్‌తోనూ చేయవచ్చు, కానీ శాతాలు మారతాయి. 5కె వేగం ఎక్కువ కాబట్టి థ్రెషోల్డ్‌కి సుమారు 95, రెపిటీషన్‌కి 110, ఈజీకి 73 నుంచి 81.

ఈ వారం హోమ్‌వర్క్: 27 నిమిషాల 30 సెకన్లలో 5కె ముగించిన రన్నర్‌కి మూడు పేస్‌లూ కట్టండి. థ్రెషోల్డ్ 5:47 దగ్గర, 400 రెపిటీషన్ సరిగ్గా 2 నిమిషాలు రావాలి. ఈజీ ఎంతో మీరే చూసి రాసుకోండి, వచ్చే పాఠంలో వీటిని వారంలో ఏ రోజుకి ఏది వేయాలో చూసేటప్పుడు అది కావాలి.