లెక్చర్ పాయింట్లు రీడింగ్‌లోంచే వస్తే స్కోరు ఎంత? టోఫెల్ ఇంటిగ్రేటెడ్ రైటింగ్: సమస్య - పరిష్కారం

లక్షణం ఇలా ఉంటుంది. ఆన్సర్ చక్కగా నాలుగు పేరాల్లో ఉంటుంది. 210 పదాలు, గ్రామర్ తప్పులు ఒకటో రెండో. ప్రతి పేరాలో 'రీడింగ్ ఇలా అంటోంది, ప్రొఫెసర్ కాదంటోంది' అనే వరస తప్పకుండా ఉంటుంది. మీరు 4 వేస్తారు. అదే పేపర్‌కి పక్క టీచర్ 2 వేస్తారు. ఇద్దరూ చూసింది ఒకే స్కోరింగ్ గైడ్, అయినా రెండు పాయింట్ల తేడా.

2026 జనవరిలో మారిన టోఫెల్‌లో ఈ టాస్క్ లేదు. నేను మాట్లాడేది అంతకుముందున్న రూపం గురించి. మూడు నిమిషాలు రీడింగ్, రెండు నిమిషాల లెక్చర్, ఇరవై నిమిషాలు రాయడం, 0 నుంచి 5 వరకు స్కోరు. చదివి, విని, రాసే అభ్యాసంగా దాన్ని ఇంకా వాడేవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. టాస్క్ ఎలా నడుస్తుందో మీకు తెలుసనే అనుకుంటున్నాను.

ముందు ఇది చూశారా?

స్కోరు వేసేటప్పుడు మీ ముందు లెక్చర్ ట్రాన్‌స్క్రిప్ట్ ఉందా? పది మందిని అడిగితే ఏడెనిమిది మంది నసుగుతారు. రీడింగ్ మాత్రం అందరి దగ్గరా ఉంటుంది, ఎందుకంటే అది కాగితం మీద ఉంది. లెక్చర్ ఎప్పుడో విన్నాం, గుర్తుందిలే అనుకుంటాం. గుర్తున్నది లెక్చర్ కాదు, అది రీడింగ్‌ని కాదందన్న సంగతి ఒక్కటే. విద్యార్థికి కూడా సరిగ్గా అదే గుర్తుంది. అందుకే అతను రాసింది మీకు నిండుగా కనిపిస్తుంది.

ట్రాన్‌స్క్రిప్ట్ తీసి, లెక్చర్ చెప్పిన మూడు కారణాల్ని మూడు లైన్లలో మీ మాటల్లో రాసుకోండి. ఆ తర్వాతే పేపర్ ముట్టుకోండి. ఇది చేయకుండా 'ఈ పేపర్‌కి ఎంత వేయాలి' అని నన్ను అడగడం మానేస్తే నాకు సగం పని తగ్గుతుంది.

అసలు దొంగ: తిరగేసిన రీడింగ్

రీడింగ్ వాక్యాన్ని మక్కీకి మక్కీ దించితే ఎవరైనా పట్టుకుంటారు. పట్టుబడనిది వేరే ఉంది. విద్యార్థి రీడింగ్ వాక్యాన్ని తీసుకుంటాడు, రెండు మాటలు మారుస్తాడు, చివర 'కాదు' తగిలించి ప్రొఫెసర్ నోట్లో పెడతాడు. ఈ టాస్క్‌లో లెక్చర్ దాదాపు ఎప్పుడూ రీడింగ్‌కి ఎదురే తిరుగుతుంది కాబట్టి ఆ వాక్యం అబద్ధంలా కనిపించదు. మనం మోసపోయేది అక్కడే. తప్పు దొరకలేదు కాబట్టి విషయం ఉందనుకుంటాం.

నేను దీనికి బాగానే దెబ్బతిన్నాను. ఒక అమ్మాయికి వరసగా ఆరు ప్రాక్టీస్ పేపర్లకి 4 వేశాను. పరీక్షలో రైటింగ్ స్కోరు నేను చెప్పినదానికంటే బాగా తక్కువ వచ్చింది. 'సర్, ప్రొఫెసర్ ఒప్పుకోలేదని ప్రతి పేరాలో రాశాను కదా' అంది. ఆ ఆరు పేపర్లూ మళ్లీ తీసి ట్రాన్‌స్క్రిప్టులు పక్కన పెట్టుకుని కూర్చున్నాను. నాలుగు పేపర్లలో లెక్చర్ నుంచి వచ్చిన కారణం ఒక్కటంటే ఒక్కటే ఉంది. పరీక్షలో ఆ అమ్మాయి ఏం రాసిందో నేను చూడలేదు, కానీ నా 4 తప్పని మాత్రం ఆ రోజే తేలిపోయింది.

ఒక ఉదాహరణ చూద్దాం. క్లాసు కోసం నేనే తయారుచేసుకున్న సెట్ ఇది, విషయం భవనాల కప్పు మీద పెంచే తోటలు. రీడింగ్ మూడు లాభాలు చెబుతుంది: మట్టి, మొక్కల పొర ఎండ వేడిని ఆపి ఏసీ ఖర్చు తగ్గిస్తుంది, వాన నీటిని పీల్చుకుని డ్రైనేజీ మీద భారం తగ్గిస్తుంది, పక్షులకు, కీటకాలకు చోటిస్తుంది.

లెక్చర్‌లో ప్రొఫెసర్ ఇలా అంటుంది. చల్లదనం కప్పు కిందున్న పై అంతస్తుకే దక్కుతుంది, పది అంతస్తుల భవనంలో మిగతా తొమ్మిదింటికీ వేడి గోడల్లోంచి, కిటికీల్లోంచి వస్తుంది. మట్టి పొర పలచన కాబట్టి వాన మొదలైన కాసేపటికే నానిపోతుంది, వరద తెచ్చేది ఎడతెగని వాన, అప్పటికి ఆ కప్పు మామూలు కప్పుతో సమానం. ఇక మొక్కల సంగతి. నీళ్లు అడగదని ఎక్కువ కప్పుల మీద ఒకే రకం మొక్క వేస్తారు, అది ఏడాదిలో కొన్ని వారాలే పూస్తుంది, మిగతా నెలల్లో కీటకాలకు తిండి ఉండదు.

ఇప్పుడు విద్యార్థి పేపర్, తెలుగులో చెప్పుకుంటే:

'మొదటిది, కప్పు మీది పొర వేడిని అడ్డుకుని ఏసీ ఖర్చు తగ్గిస్తుందని రీడింగ్ అంటోంది. ప్రొఫెసర్ దీన్ని ఖండిస్తోంది. ఈ పొర వేడిని అంతగా అడ్డుకోదని, కాబట్టి ఏసీ ఖర్చులో పెద్ద తేడా రాదని ఆమె వాదన. రెండోది, ఈ తోటలు వాన నీటిని పీల్చుకుంటాయని రచయిత నమ్మకం. అవి నీటిని పూర్తిగా పీల్చుకోలేవని, డ్రైనేజీ మీద భారం అలాగే ఉంటుందని ప్రొఫెసర్ అంటోంది. చివరిగా, ఒకే రకం మొక్క వేస్తారు కాబట్టి పక్షులకు, కీటకాలకు పెద్దగా ఉపయోగం లేదని ఆమె చెబుతోంది.'

చదవడానికి ఏ లోటూ లేదు. ఇప్పుడు పెన్సిల్ తీసుకుని ప్రతి వాక్యాన్నీ ఒకే ప్రశ్న అడగండి: లెక్చర్ అస్సలు వినకుండా, రీడింగ్ ఒక్కటే చదివి, 'ప్రొఫెసర్ ఎదురు చెబుతుంది' అని మాత్రం తెలిసినవాడు ఈ వాక్యం రాయగలడా? రాయగలిగితే కొట్టేయండి.

మొదటి పాయింట్ మొత్తం పోతుంది. 'అంతగా అడ్డుకోదు' అన్నది రీడింగ్‌కి తగిలించిన తోక. పై అంతస్తు మాట లేదు, కిటికీల మాట లేదు. పైగా పొర వేడిని ఆపదని ప్రొఫెసర్ అనలేదు, ఆపిన లాభం ఒక్క అంతస్తుకే అంది. గుడ్డిగా తిరగేస్తే జరిగేది ఇదే, దిశ సరిగ్గా ఉండి విషయం తప్పుతుంది. రెండో పాయింట్‌లో 'పూర్తిగా' అనే మాట దగ్గర కాస్త ఆగాలనిపిస్తుంది. ఆగకండి. పొర పలచన అని గానీ, త్వరగా నానిపోతుందని గానీ, ఎడతెగని వాన అని గానీ లేదు. అది ఊహతో రాయగలిగిన మాటే. మూడోదాంట్లో 'ఒకే రకం మొక్క' మిగులుతుంది. రీడింగ్‌లో అది లేదు, విన్నవాళ్లే రాయగలరు. అయితే పూత గురించీ తిండి గురించీ లేదు కాబట్టి సగమే.

అంటే ఈ పేపర్ మొత్తంలో మనం స్కోరు వేయాల్సింది ఒక సగం పాయింట్‌కి. దీనికి నేను 2 వేస్తాను. 3 ఎందుకు కాదు? గైడ్ ప్రకారం 3లో ఒక ముఖ్యమైన పాయింట్ తప్పిపోయినా సర్దుకోవచ్చు, ఇక్కడ రెండు లేవు. 1 ఎందుకు కాదు? లెక్చర్ నుంచి పనికొచ్చే విషయం దాదాపు ఏమీ లేని పేపర్‌కి 1, ఇక్కడ మూడో పాయింట్ సగమైనా నిలబడింది. ఆ 'ఒకే రకం మొక్క' కూడా లేకపోతే నేను 1కి దిగుతాను. ఇంగ్లీషు ఎంత బాగున్నా అంతే. మనసు ఒప్పుకోదు, తెలుసు. బాగా రాసే పిల్లలే ఇందులో ఎక్కువ ఇరుక్కుంటారు, ఎందుకంటే వాళ్ల భాష లోపలి ఖాళీని కప్పేస్తుంది.

మిగిలిన మాటల్ని ట్రాన్‌స్క్రిప్ట్‌తో ఒకసారి సరిచూడటం మర్చిపోవద్దు. కొందరు ఖాళీని సొంత తెలివితో నింపుతారు. 'మొక్కలకు నీళ్లు పెట్టడానికి ఖర్చవుతుంది కాబట్టి ఆదా లేదు' అని ఒకడు రాశాడు. రీడింగ్‌లో లేదు కాబట్టి పెన్సిల్ పరీక్ష దాటేసింది, కానీ లెక్చర్‌లోనూ లేదు. అది విషయం కాదు, తప్పు సమాచారం. కొట్టేసిన వాక్యం కంటే దీనికే నష్టం ఎక్కువ.

అతి జాగ్రత్తతో చేసే తప్పు

ఇదంతా తెలిశాక కొందరు టీచర్లు రెండో కొసకి వెళ్తారు. 'డ్రైనేజీ మీద భారం' అనే మాట రీడింగ్‌లో ఉంది, కాపీ, ఒక మార్కు కట్ అంటారు. విషయం పేర్లు మార్చలేం, మార్చనక్కర్లేదు. 'పొర పలచన కావడంతో వాన మధ్యలోనే నానిపోతుంది, ఆపైన డ్రైనేజీ మీద భారం తగ్గదు' అని రాస్తే సగం మాటలు రీడింగ్‌వే, కారణం మాత్రం లెక్చర్‌ది. అది పూర్తి పాయింట్. మాట ఎక్కడిదని కాదు, కారణం ఎక్కడిదని చూడండి. రీడింగ్ నుంచి పొడవాటి వరసలు యథాతథంగా దిగితే వాటిని విద్యార్థి భాషకి సాక్ష్యంగా మాత్రం లెక్కపెట్టకండి.

విద్యార్థి వైపు మరమ్మతు

రాసే ఇరవై నిమిషాలూ రీడింగ్ స్క్రీన్ మీద ఉంటుంది. లెక్చర్ ఒక్కసారి వినిపించి పోతుంది. ఏమీ తోచనప్పుడు కన్ను ఎటు పోతుందో చెప్పక్కర్లేదు. కాబట్టి ముందు జబ్బు ఎక్కడుందో తేల్చుకోండి. లెక్చర్ వినిపించి, రీడింగ్ మూసేసి, నోట్సు చూస్తూ ప్రొఫెసర్ చెప్పిన మూడు కారణాలు మాత్రమే రాయమనండి. రాయలేకపోతే అది వినడంలో సమస్య, రైటింగ్ టెంప్లేట్లు ఎన్నిచ్చినా తగ్గదు. రాయగలిగి, రీడింగ్ తెరవగానే మళ్లీ దాంట్లోకి జారుతుంటే అది అలవాటు.

అలవాటుకి మందు తేలిక. నోట్సులో రీడింగ్‌కి పాయింట్‌కి మూడు నాలుగు మాటలే రాయాలి. లెక్చర్ వైపు 'కాదంది' అని రాయడం నిషేధం, 'ఎందుకంటే' తర్వాత వచ్చేదే రాయాలి: 'పై అంతస్తుకే', 'కాసేపట్లో నానుతుంది', 'కొన్ని వారాలే పూత'. పేపర్ రాసేటప్పుడు ప్రతి పేరాలో ముందు లెక్చర్ వాక్యం రాసి, ఆ తర్వాత పైన రీడింగ్ వాక్యం చేర్చమనండి. వరస తిప్పినందుకే చాలామందిలో తేడా వస్తుంది.

మిగతావి

మొత్తం రీడింగ్ వాక్యాలే దించి ఇంకేమీ లేకపోతే 0, చర్చ లేదు. ఎవరి మాట ఎవరిదో తారుమారైతే అది వేరే తప్పు, ట్రాన్‌స్క్రిప్ట్ ముందుంటే ఇట్టే కనిపిస్తుంది. పేపర్ 225 పదాలు దాటిందని తగ్గించకండి, పెరిగిన పదాలు రీడింగ్ నుంచే వచ్చి ఉంటే పెన్సిల్ ఎలాగూ చూసుకుంటుంది.